బస్తాకి ఎన్ని కిలోలు?

ఈసారి లెక్కల గురించి రాస్తున్నాం. లెక్కలంటే దూరం జరిగేవాళ్లు కూడా చివరిదాకా చదవండి, ఇందులో కూడికలు, గుణకారాలు తప్ప పెద్దవేమీ లేవు. ముందు ఈ లెక్క చూడండి.

“ఒక రైతు 6 బస్తాల చింతపండు సంతకు తీసుకెళ్లి, కిలో 30 రూపాయల చొప్పున మొత్తం అమ్మేశాడు. ఆటో కిరాయి 240 రూపాయలు అయింది. కిరాయి పోగా అతని చేతికి ఎంత వచ్చింది?”

మొన్న ఎండాకాలం సెలవుల్లో మేం నలుగురం మా ఊరి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పాం. మేం డిగ్రీ చదువుతున్నవాళ్లం. మాది పాడేరు ఏజెన్సీలో చిన్న ఊరు. పిల్లలు ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు మొత్తం 18 మంది. ఎవరో ఇచ్చిన ప్రాక్టీసు కాగితాల జిరాక్సులో ఈ లెక్క ఉంది. జిరాక్సు తీసినప్పుడు కింద ఒక లైను ఎగిరిపోయింది. అది మేం గమనించాం. గమనించి కూడా, పిల్లలు ఏం చేస్తారో చూద్దామని ఉన్నది ఉన్నట్టే బోర్డు మీద రాశాం.

పదకొండు మంది 60 అని రాశారు. నలుగురు 276 అని రాశారు. ఇద్దరు 180 దగ్గర ఆగిపోయారు. ఒక్క పాప ఏమీ రాయలేదు, పేజీ ఖాళీగా పెట్టింది.

60 ఎలా వచ్చిందో మీకు తెలిసిపోయే ఉంటుంది. ఆరు ముప్పైలు 180. అందులోంచి 240 తీసేయాలి. పోదు. పోకపోతే తిరగేసి, 240లోంచి 180 తీసేశారు. 60 వచ్చింది. గీత గీసి, కింద “జవాబు 60 రూపాయలు” అని రాశారు. 276 రాసినవాళ్లు ఇంకా తేలికగా పోయారు, కనిపించిన మూడు అంకెలూ కూడేశారు.

ఆ పదకొండు మందిలో చాలామంది ఇళ్లల్లో చింతచెట్లు ఉన్నాయి. కాయలు రాల్చడం, గింజ తీయడం, ముద్ద కట్టడం, బస్తాకెత్తడం అన్నీ వాళ్ల చేతుల మీద జరిగే పనులే. ఆరు బస్తాల చింతపండుకి అరవై రూపాయలా అని బయట ఎవరైనా అడిగితే నవ్వుతారు. నోట్‌బుక్‌లోకి వచ్చేసరికి మాత్రం అది చింతపండు కాకుండా పోయింది, ఉత్త 6, 30, 240 అయిపోయింది.

ఇది మన పిల్లల తెలివికి సంబంధించిన సంగతి అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఒక విషయం చెప్తాం. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతంలో లెక్కల బోధన మీద పనిచేసే ఒక బృందం చిన్న తరగతుల పిల్లలకు ఇలాంటి ప్రశ్నే ఇచ్చింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, ఓడ కెప్టెన్ వయసెంత అని. 97 మంది పిల్లల్లో 76 మంది ఆ రెండు అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు చెప్పేశారు. అంటే ఇది కొండ మీద పిల్లలదో, కింద పిల్లలదో కాదు. బడిలో లెక్క ఇచ్చారంటే దానికి జవాబు ఉండి తీరుతుంది, ఇచ్చిన అంకెలన్నీ వాడాలి, ఇవ్వనిది అవసరం లేదు అని పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అలవాటైపోతుంది.

ఇక ఖాళీ పేజీ పాప సంగతి. ఎనిమిదో తరగతి. ఎందుకమ్మా రాయలేదు అని మాలో ఒకక్క అడిగింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “బస్తాకి ఎన్ని కిలోలో లేదు కదక్కా” అంది. మరి అడగొచ్చు కదా అంటే, “ఉందేమో, నాకే అర్థం కాలేదేమో అనుకున్నా” అంది.

ఆ పాప ఇంట్లో కువి మాట్లాడతారు. మా ఊళ్లో కొన్ని ఇళ్లల్లో కువి, కొన్ని ఇళ్లల్లో ఆదివాసీ ఒడియా నడుస్తుంది. బడి మాత్రం తెలుగులో. ఒక వాక్యంలో ఏదైనా తెలియకపోతే ఈ పిల్లలకు ముందు వచ్చే అనుమానం లెక్క మీద కాదు, తమ తెలుగు మీద. 18 మందిలో సరిగ్గా ఆలోచించింది ఆ ఒక్క పాప. సున్నా మార్కులు వచ్చేది కూడా ఆ పాపకే. ఆరు ముప్పైలు వేసినవాళ్లకు కనీసం స్టెప్పుకి ఒక మార్కు పడేది. ఇది చూశాకే మిగిలిన రోజులన్నీ ఈ ఒక్క విషయం మీదే కూర్చున్నాం. లెక్కలో ఏది లేదో ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక దాన్ని ఎలా అడగాలి.

మేం వాడిన పద్ధతి ఇది. లెక్కను పైనుంచి కిందకి కాకుండా చివర్నుంచి మొదటికి చదవాలి. ఏం అడిగారు? చేతికి ఎంత వచ్చింది అని. అది తెలియాలంటే ఏం కావాలి? అమ్మితే వచ్చిన డబ్బు, ఖర్చు. ఖర్చు ఉంది, 240. అమ్మితే వచ్చిన డబ్బు ఇవ్వలేదు. సరే, అది తెలియాలంటే ఏం కావాలి? కిలో ధర, మొత్తం కిలోలు. ధర ఉంది, 30. మొత్తం కిలోలు ఇవ్వలేదు. అవి తెలియాలంటే? బస్తాలెన్ని, బస్తాకి ఎన్ని కిలోలు. బస్తాలు ఉన్నాయి, 6. బస్తాకి ఎన్ని కిలోలు అనేది లేదు. ఇక దీని వెనక్కి వెళ్లడానికి దారి లేదు. ఎక్కడైతే దారి ఆగిపోయిందో అదే మనకు లేని అంకె.

నోట్‌బుక్‌లో దీన్ని ఇలా రాయించాం:

చేతికి వచ్చింది = అమ్మిన డబ్బు − 240
అమ్మిన డబ్బు = మొత్తం కిలోలు × 30
మొత్తం కిలోలు = 6 × ____

ఆ గీత ఉన్న చోటు చూశాక పిల్లలకు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. అప్పటిదాకా “ఏదో తేడాగా ఉంది” అన్నది ఇప్పుడు “ఇక్కడ ఒకటి లేదు” అయింది. ఈ రెండు మాటలకూ చాలా దూరం ఉంది. మొదటి మాటతో ఎవరినీ ఏమీ అడగలేం. రెండోదానితో అడగొచ్చు.

లెక్కలోని మాటలే కొన్నిసార్లు ఖాళీని చూపిస్తాయి. “కిలో 30” అని ఉందంటే అది కిలోల కోసం ఎదురుచూస్తున్న ధర. దాన్ని కిలోలతోనే గుణించాలి. బస్తాలతో గుణిస్తే వచ్చేది రూపాయలు కాదు. బస్తా ధర ఇచ్చి ఉంటే బస్తాలతో గుణించొచ్చు. “రోజుకి” అంటే రోజులు కావాలి, “ఎకరానికి” అంటే ఎకరాలు కావాలి, “గంటకి” అంటే గంటలు కావాలి. ఆ “కి” కనిపించిన ప్రతిచోటా దాని జత ఉందో లేదో వెతకమని చెప్పాం. ఆరో తరగతి పిల్లలకు ఇదే అన్నిటికంటే బాగా ఎక్కింది.

అప్పుడు ఒక తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. “అన్నా, మరి మాకు వచ్చిన 180 ఏంటి? ఏదో ఒకటి అయ్యుండాలి కదా.” నిజమే, 180కి అర్థం ఉంది. ప్రతి బస్తాలో ఒక్క కిలో మాత్రమే ఉంటే, ఆరు బస్తాల్లో ఆరు కిలోలు, ముప్పై చొప్పున 180 రూపాయలు. అంటే 6ని 30తో గుణించినవాళ్లు ఖాళీని వదిలేయలేదు. తమకు తెలియకుండా అందులో 1 పెట్టారు. ఒక్కో బస్తాలో కిలో చింతపండు వేసుకుని, 240 రూపాయలు పెట్టి ఆటో ఎక్కితే రైతుకి 60 రూపాయలు చేతి నుంచి పడతాయి. వాళ్ల 60 అదే. మిగిలిన డబ్బు కాదు, నష్టం. ఈ మాట చెప్పాక గది అంతా నవ్వులు. లేని అంకెను పట్టించుకోకుండా ముందుకి పోతే, ఎక్కడో ఒకచోట మనమే ఒక అంకె పెట్టేస్తాం. చాలాసార్లు అది 1 అయి ఉంటుంది, ఎందుకంటే 1తో గుణించినా కంటికి కనిపించదు.

ఖాళీ దొరికింది. కానీ అది నిజంగా కావాల్సిన అంకేనా? దీనికి ఒక పరీక్ష ఉంది. ఆ ఖాళీలో రెండు వేర్వేరు అంకెలు పెట్టి లెక్క చివరిదాకా చేసి చూడాలి. బస్తాకి 40 కిలోలు అనుకుందాం. 240 కిలోలు, 7,200 రూపాయలు, కిరాయి పోగా 6,960. ఇప్పుడు 50 కిలోలు అనుకుందాం. 300 కిలోలు, 9,000 రూపాయలు, కిరాయి పోగా 8,760. జవాబు మారిపోయింది, 1,800 రూపాయల తేడా. కాబట్టి ఈ అంకె లేకుండా జవాబు చెప్పడం కుదరదు, అడగాల్సిందే.

అడగక్కర్లేనివి కూడా ఈ పరీక్షలోనే బయటపడతాయి. పద్ధతి నేర్చుకున్నాక పిల్లలు ఉత్సాహంలో అన్నీ అడగడం మొదలుపెట్టారు. సంత ఎంత దూరం? ఏ వారం? ఆటోలో ఎంతమంది? సంత పది కిలోమీటర్లయినా ఇరవై అయినా కిరాయి 240 అని చెప్పేశారు కాబట్టి జవాబు మారదు. మారనిదాన్ని అడగొద్దు.

కొన్ని చోట్ల మాత్రం ఇది అంత తేలిగ్గా కనిపించదు. ఈ లెక్క చూడండి: “ఒక జీపు ఘాట్ రోడ్డు మీద గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పైకి ఎక్కి, అదే దారిలో గంటకి 30 కిలోమీటర్ల వేగంతో దిగింది. మొత్తం ప్రయాణంలో సగటు వేగం ఎంత?” పిల్లలందరూ ఒక్కసారే అరిచారు, దూరం ఇవ్వలేదని. మంచిదే, “గంటకి” చూసి పట్టుకున్నారు. ఇప్పుడు పరీక్ష పెట్టండి అన్నాం. దూరం 60 కిలోమీటర్లు అనుకుంటే ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 2 గంటలు. 120 కిలోమీటర్లకి 5 గంటలు, అంటే గంటకి 24. దూరం 30 అనుకుంటే గంటన్నర, ఒక గంట. 60 కిలోమీటర్లకి రెండున్నర గంటలు, మళ్లీ 24. దూరం ఎంతైనా జవాబు అదే వస్తోంది. ఇక్కడ దూరం లేకపోవడం లోపం కాదు. అదే లెక్కలో “మొత్తం ఎన్ని గంటలు పట్టింది” అని అడిగి ఉంటే మాత్రం దూరం లేకుండా కదలలేం. అంటే ఏ అంకె లోటు అన్నది ప్రశ్నను బట్టి ఉంటుంది. ప్రశ్న మారితే లోటు కూడా మారుతుంది.

ఈ పరీక్షకి ఒక హద్దు ఉంది, అదీ చెప్పాలి. రెండు అంకెలకి జవాబు మారితే ఆ అంకె కావాలని ఖాయం. రెండిటికీ ఒకే జవాబు వస్తే మాత్రం ఎప్పుడూ అలాగే వస్తుందని ఇంకా ఖాయం కాదు. ఖాయం చేసుకోవాలంటే అంకె బదులు అక్షరం పెట్టాలి. దూరం d అనుకుంటే ఎక్కడానికి d/20, దిగడానికి d/30, రెండూ కలిపితే d/12 గంటలు. మొత్తం దూరం 2dని d/12తో భాగిస్తే d కొట్టుకుపోయి 24 మిగులుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఇక్కడిదాకా వచ్చారు. చిన్నవాళ్లకి రెండు అంకెల పరీక్షే చాలు.

ఇక అడగడం. మన పిల్లలకు కనిపెట్టడం కంటే ఇదే కష్టం. చేయి ఎత్తి “సార్, అర్థం కాలేదు” అంటారు. సార్ ఏం చేస్తారు? అదే లెక్క మళ్లీ గట్టిగా చదువుతారు. లేని అంకె రెండోసారి చదివితే రాదు కదా. పిల్ల మళ్లీ అర్థం కాలేదంటే క్లాసంతా చూస్తుంది. మూడోసారి అడగదు. అందుకే “అర్థం కాలేదు” అనే మాటే వద్దన్నాం. దాని బదులు ఇలా అడగమన్నాం: “సార్, బస్తాలు ఇచ్చారు, కిలో ధర ఇచ్చారు. ఒక్కో బస్తాలో ఎన్ని కిలోలో లెక్కలో లేదు. ఎన్ని వేసుకోమంటారు?” ఇందులో మూడు సంగతులున్నాయి. ఏవి ఉన్నాయో చెప్పింది, కాబట్టి లెక్క చదవలేదని ఎవరూ అనరు. ఏది లేదో పేరు పెట్టి, కిలోల్లో కావాలని చెప్పింది. జవాబుగా ఒక్క అంకె చెప్తే చాలేలా అడిగింది. ఇలా అడిగితే మళ్లీ మొత్తం చదవాల్సిన పని సార్‌కి ఉండదు. ఆ చోటు చూసి 45 అనో 50 అనో చెప్పేస్తారు.

తెలుగులో వాక్యం కుదరకపోతే ఏం చేయాలని ఖాళీ పేజీ పాపే అడిగింది. నోట్‌బుక్‌లో ఆ మూడు లైన్లు రాసి, గీత కింద వేలు పెట్టి చూపించు అన్నాం. 6 × ____ అని ఉన్న చోటు చూపిస్తే భాష రాని సార్‌కైనా అర్థమవుతుంది.

దేన్ని అడగాలన్నది కూడా కొంచెం చూసుకోవాలి. “బస్తాకి ఎన్ని కిలోలు” అని అడిగితే బస్తాలన్నీ ఒకే బరువు అని మనమే ఒప్పుకున్నట్టు. నిజం బస్తాలు అలా ఉండవు, ఒకటి 41 ఉంటే ఒకటి 45 ఉంటుంది. బడి లెక్కలో సాధారణంగా అన్నీ సమానమనే ఉద్దేశం. అయినా “మొత్తం ఎన్ని కిలోలు” అని అడిగితే ఏ ఇబ్బందీ లేదు, ఒక్క అంకెతో పని అయిపోతుంది. జవాబుకి ఎంత దగ్గరలో ఉన్న అంకెను అడిగితే మధ్యలో అంత తక్కువ ఊహించుకోవాల్సి వస్తుంది.

పరీక్షలో అడగడానికి వీల్లేకపోతే? ముందు ఇన్విజిలేటర్‌కి చెప్పాలి, ప్రశ్నపత్రంలో తప్పు పడితే అందరికీ కలిపి సరిచేసి చెప్తారు. చెప్పకపోతే పేజీ ఖాళీగా మాత్రం వదలొద్దు. “బస్తా బరువు ఇవ్వలేదు. దాన్ని x కిలోలు అనుకుంటే, చేతికి వచ్చేది 180x − 240 రూపాయలు” అని రాయాలి. అది పూర్తి జవాబే. దిద్దేవాళ్లు x దగ్గర 45 వేసుకుంటే 7,860 వస్తుంది. 180ని ఇప్పుడు గుర్తుపట్టారా? తమ్ముడు అడిగింది అదే. బస్తాలో ప్రతి కిలోకీ ఆరు బస్తాల మీద వచ్చే డబ్బు.

పోటీ పరీక్షలకు తయారవుతున్నవాళ్లకి ఒక మాట. రీజనింగ్‌లో డేటా సఫిషియెన్సీ అని వచ్చే ప్రశ్నలు ఇవే. ఒక ప్రశ్న, కింద రెండు వాక్యాలు ఇచ్చి, జవాబు చెప్పడానికి మొదటిది చాలా, రెండోది చాలా, రెండూ కలిస్తేనే చాలా, కలిసినా చాలవా అని అడుగుతారు. చాలామంది లెక్క మొత్తం చేసి టైము పోగొట్టుకుంటారు. అక్కడ జవాబు అక్కర్లేదు. చివర్నుంచి వెనక్కి వచ్చి గీత గీసుకుని, ఆ గీతను ఏ వాక్యం నింపుతుందో చూస్తే చాలు. ఏదీ నింపకపోతే “చాలదు” అన్నదే సరైన జవాబు.

ఇదంతా బడి సంగతి. ఇప్పుడు సంత సంగతి. మాలో ఒకరి చెల్లి ఇంటర్ చదువుతోంది. ఆ సెలవుల్లోనే వాళ్లమ్మతో కలిసి మూడు బస్తాల చింతపండు సంతకి తీసుకెళ్లింది. షావుకారు కిలో 30 అన్నాడు, కాటా వేశాడు, 3,720 రూపాయలు చేతిలో పెట్టాడు. ఇక్కడ ధర చెప్పాడు, డబ్బు చెప్పాడు, మధ్యలో ఉండాల్సిన కిలోలు చెప్పలేదు. చెల్లి వెనక్కి లెక్క వేసింది. 3,720ని 30తో భాగిస్తే 124 కిలోలు. కాటా మీద తను చూసి రాసుకున్నవి 41, 45, 44, మొత్తం 130. ఆరు కిలోలు ఎక్కడికి పోయాయో తెలియదు.

“షావుకారూ, కాటా మీద 130 ఉంది. మీరు 124కి డబ్బులిచ్చారు. ఆరు కిలోలు దేనికి తీశారు?” అని అడిగింది. తరుగు అన్నాడు. బస్తాకి రెండు కిలోలు. ఏం తరుగు అంటే, సంచికి ఒకటి, తేమకి ఒకటి అన్నాడు. ఇప్పుడు ఒక ఖాళీ రెండు ఖాళీలయింది. సంచి బరువు కొలవొచ్చు. ఖాళీ చేసిన మూడు సంచులూ కలిపి కాటా మీద పెట్టమంది. రెండు కిలోలు చూపించింది. మూడు పట్టుకున్న చోట రెండే ఉన్నాయి కాబట్టి ఒక కిలో డబ్బు, 30 రూపాయలు, తిరిగి ఇచ్చాడు. తేమ సంగతి తేలలేదు. తేమ ఎంతుందని ఎవరూ కొలవలేదు, కొలిచే పరికరం అక్కడ లేదు. ఆ మూడు కిలోల 90 రూపాయలు అలాగే పోయాయి. కానీ వాళ్లమ్మకి ఒకటి తెలిసింది, తరుగు అనే ఒక్క మాటలో కొలవగలిగేది ఒకటి, కొలవకుండా తీసేది ఒకటి ఉన్నాయని. మరుసటి వారం బస్తా ఆటోలోంచి దించకముందే “తరుగు ఎంత, దేనికి?” అని అడిగింది. దించాక అడిగితే మళ్లీ ఎత్తుకోవడం కష్టం కాబట్టి షావుకారుదే పైచేయి అవుతుంది. కాబట్టి లేని అంకెను ఎప్పుడు అడుగుతామన్నది కూడా లెక్కలో భాగమే.

అప్పు విషయంలో కూడా ఇంతే. “పదివేలు ఇస్తా, నూటికి 2” అంటారు. నూటికి 2 అన్నది అసంపూర్తి మాట. నెలకా, ఏడాదికా? మన ఊళ్లల్లో అలా అంటే నెలకి అని అందరికీ తెలుసు, కానీ బడి పుస్తకంలో, బ్యాంకులో వడ్డీ శాతం అంటే మామూలుగా ఏడాదికి. ఆరు నెలలకి చూస్తే, నెలకి నూటికి 2 చొప్పున పదివేల మీద వడ్డీ 1,200. అదే ఏడాదికి 2 శాతం అయితే 100 మాత్రమే. బ్యాంకులో 12 శాతం అని విని, అమ్మో పన్నెండా, షావుకారు రెండే కదా అని వెనక్కి వచ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. బ్యాంకు 12 అంటే నెలకి నూటికి 1. షావుకారు 2 అంటే ఏడాదికి 24. “రెండు దేనికి, నెలకా ఏడాదికా?” అన్న ఒక్క ప్రశ్నతో ఈ తేడా బయటపడేది. ఆ తర్వాత అడగాల్సింది, ఏ తేదీ నుంచి లెక్క, నెల నిండకుండా కడితే ఆ రోజులకే తీసుకుంటారా, నెలంతా తీసుకుంటారా అన్నది. ఐదు నెలలకి 1,000, ఆరు నెలలకి 1,200. జవాబు మారుతోంది కాబట్టి అడగాల్సిందే.

ఈ సెలవులకి ఊళ్లకి వెళ్లే అన్నలూ అక్కలూ, మీ దగ్గర చదువుకునే పిల్లలకు ఒక పని చేయండి. పది లెక్కలిస్తే అందులో రెండింట్లో ఒక అంకె తీసేసి ఇవ్వండి. ఏ రెండో చెప్పొద్దు. తీసేసిన లెక్కకి జవాబు రాసినవాళ్లకి కాకుండా, “ఇందులో ఇది లేదు, ఎంత వేసుకోవాలి?” అని అడిగినవాళ్లకి మార్కు ఇవ్వండి. మేం ఇలా రెండు వారాలు చేశాం. చివరి రోజు ఇచ్చిన పదిలో తీసేసినవి రెండూ 13 మంది పట్టుకున్నారు. ముగ్గురు ఒకటి పట్టుకున్నారు. మిగిలిన ఇద్దరు ఇంకా కనిపించిన అంకెలన్నీ కూడుతున్నారు. వాళ్లిద్దరి కోసం దసరా సెలవులకి మళ్లీ కూర్చుంటాం.